"లైట్ రెడ్ సాయిల్స్" అంటే లేత ఎరుపు నేలలా, తేలిక నేలలా? నిఘంటువులో ఏ అర్థం తీసుకోవాలి?

పదాలమూట (అనంతపురం)
అందరికీ నమస్కారం. నేను ఎం.ఏ. తెలుగు చదువుతూ, ఖాళీ సమయంలో చిన్న చిన్న అనువాదాలు చేస్తుంటాను. ఇప్పుడు వేరుశనగ సాగు మీద ఎనిమిది పేజీల ఇంగ్లీష్ కరపత్రం నా దగ్గరకు వచ్చింది. తెలుగు చేస్తే మా జిల్లాలో రైతులకు పంచుతారు. అందులో లైట్ అన్న మాట చాలాసార్లు ఉంది. నాకు అనుమానం వచ్చిన చోట్లు ఇవి.

ఒకటి, "గ్రౌండ్‌నట్ డూస్ వెల్ ఇన్ లైట్ రెడ్ సాయిల్స్." రెండు, "గివ్ ఎ లైట్ ఇరిగేషన్ బిఫోర్ లిఫ్టింగ్." మూడు, "సెట్ అప్ లైట్ ట్రాప్స్." నాలుగు, "యంగ్ లీవ్స్ టర్న్ లైట్ గ్రీన్, దెన్ యెల్లో."

నా దగ్గరున్న ఇంగ్లీష్-తెలుగు నిఘంటువులో లైట్ కింద ఇలా ఉంది: "నా. వెలుగు, వెలుతురు, కాంతి, దీపం, దివ్వె. విశే. తేలికైన, బరువులేని; సులభమైన; లేత (రంగు); పలుచని. క్రి. వెలిగించు, దిగు."

మొదటి వాక్యానికి "లేత ఎరుపు నేలల్లో వేరుశనగ బాగా పండుతుంది" అని రాశాను. చదవడానికి బాగానే ఉంది. మా నాన్న చూసి "లేత ఎరుపు నేల ఏంటమ్మా, అట్లా ఎవరంటారు?" అన్నారు. అప్పటి నుంచి టెన్షన్. ఇన్ని అర్థాల్లో ఏది తీసుకోవాలో ఎలా తేల్చుకుంటారు?

రేణిగుంట రోడ్డు (కడప)
చాలా సులభం. ముందు ఆ మాట వాక్యంలో నామవాచకమా, విశేషణమా, క్రియా చూడండి. నిఘంటువులో నా., విశే., క్రి. అని వేరు చేసిందే అందుకు. సాయిల్స్ ముందు వచ్చింది కాబట్టి విశేషణం. వెలుగు, దీపం, వెలిగించు అన్నీ పోయాయి. మిగిలిన వాటిలో మొదటిది తీసుకోండి, ఎక్కువ వాడుక ఉన్నదే మొదట వేస్తారు. నేను పోటీ పరీక్షలకు పిల్లలకు ఇదే చెబుతాను.

పదాలమూట (అనంతపురం)
సార్, విశేషణం అని నేనూ చూశాను. కానీ తేలికైన కూడా విశేషణమే, లేత కూడా విశేషణమే. చిక్కు అక్కడే వచ్చింది. పైగా లైట్ ట్రాప్స్‌లో కూడా లైట్ ఇంకో నామవాచకం ముందే ఉంది, కానీ అది విశేషణం కాదు కదా? తేలికైన ఉచ్చులు అని రాయలేను.

కేసీ కాలువ (కర్నూలు)
నాదీ ఇదే బాధ, కానీ బ్యాంక్ మాటతో. మా తాతల నాటి భూమి కాగితం ఒకటి ఇంగ్లీషులో ఉంది. హద్దుల్లో "లెఫ్ట్ బ్యాంక్ ఆఫ్ ది కెనాల్" అని ఉంది. డబ్బులిచ్చి తెలుగు చేయిస్తే "కాలువకు ఎడమ ఒడ్డు" అని రాసిచ్చారు. మా పొలం వైపు నుంచి చూస్తే కాలువ కుడి చేతికి వస్తుంది. ఇప్పుడు ఎడమ అంటే ఎవరికి ఎడమ? ఒడ్డు అనాలా, గట్టు అనాలా, కట్ట అనాలా? మా ఇంట్లో పెద్ద చర్చ అయింది. ఎవరైనా చెప్పగలరా?

బ్రౌన్ బంగ్లా దారి (కడప)
రెండు ప్రశ్నలూ మంచివి. నేను ముప్పై ఏళ్లు అనువాదాలు చేశాను. రిటైరయ్యాక మా ఊళ్లో బ్రౌన్ దొర బంగ్లా ఉన్నచోట కట్టిన లైబ్రరీలో కూర్చుని నిఘంటువులు తిరగేయడమే నా పని. ముందు అమ్మాయి సంగతి చూద్దాం.

రేణిగుంట రోడ్డు గారు చెప్పింది సగం వరకు సరైనదే. భాషాభాగం చూస్తే అక్కర్లేనివి కొన్ని పోతాయి. కానీ "మొదటిది తీసుకో" అన్నది ప్రమాదం. కొన్ని నిఘంటువులు ఎక్కువ వాడే అర్థాన్ని ముందు వేస్తాయి, కొన్ని పాత అర్థాన్ని ముందు వేస్తాయి. ఏది ఏ పద్ధతో దాని ముందుమాటలో ఉంటుంది, చాలామంది చదవని పేజీలు అవే.

అమ్మా, నీ నిఘంటువులో కామా, సెమికోలన్ ఎక్కడెక్కడున్నాయో చూడు. "తేలికైన, బరువులేని" మధ్య కామా ఉంది. అంటే రెండూ ఒకే అర్థానికి దగ్గరి మాటలు. ఆ తర్వాత సెమికోలన్ పడింది, అంటే అర్థం మారింది. అందువల్ల నీ ముందున్నవి ఐదు మాటలైనా అర్థాలు నాలుగే. నువ్వు ముందు సెమికోలన్ల మధ్య ఒక గది ఎంచుకోవాలి, ఆ తర్వాతే గదిలోని మాట. చాలామంది నేరుగా మాట మీదకు వెళ్లిపోతారు.

ఇంకో సంగతి. ఇంగ్లీషులో లైట్ నిజానికి ఒక మాట కాదు, ఒకేలా రాసే రెండు వేర్వేరు మాటలు. వెలుగు లైట్ ఒకటి, బరువులేని లైట్ ఒకటి. పెద్ద ఇంగ్లీష్ నిఘంటువుల్లో వాటికి పక్కన చిన్న అంకెలు వేసి విడివిడిగా ఇస్తారు. లేత రంగు అన్నది వెలుగు ఇంటి పిల్ల. పలుచని, కొద్దిపాటి అన్నవి బరువు ఇంటి పిల్లలు. నీ చిన్న నిఘంటువు రెండిళ్ల పిల్లలనూ ఒకే వరుసలో నిలబెట్టింది. అందుకే లేత, తేలిక పక్కపక్కన పడ్డాయి.

ఏ ఇల్లో తేల్చడానికి నేను వాడే పద్ధతి ఒకటుంది. ఆ వాక్యంలో వ్యతిరేకపదం పెట్టి చూస్తాను. అక్కడ డార్క్ పెడితే సరిపోతుందా, హెవీ పెడితే సరిపోతుందా? ఒక్క వాక్యంలో తేలకపోతే ఆ కరపత్రంలోనే డార్క్ సాయిల్స్ అనో, హెవీ సాయిల్స్ అనో ఇంకెక్కడైనా ఉందేమో వెతుకు. రాసినవాడి మనసులో ఏ జంట ఉందో అది చెబుతుంది.

పదాలమూట (అనంతపురం)
సార్, దొరికింది! ఐదో పేజీలో నీటి యాజమాన్యం కింద "ఇన్ హెవీ సాయిల్స్ ది ఇంటర్వల్ కెన్ బి లాంగర్" అని ఉంది. డార్క్ అన్న మాట కరపత్రం మొత్తంలో లేదు. అంటే తేలిక నేలలే. "తేలికపాటి ఎర్ర నేలలు" అని మార్చేస్తాను.

రేణిగుంట రోడ్డు (కడప)
లైట్‌కు, రెడ్‌కు మధ్య అడ్డగీత లేదు కాబట్టి రంగు కాదని అప్పుడే చెప్పొచ్చు. రంగైతే లైట్-రెడ్ అని అడ్డగీతతో రాస్తారు.

బ్రౌన్ బంగ్లా దారి (కడప)
అడ్డగీత ఉంటే రంగని నమ్మొచ్చు. లేనంత మాత్రాన రంగు కాదని అనలేం. కరపత్రాలు రాసేవాళ్లు అడ్డగీతలు, కామాలు పట్టించుకోరు. అది ఒక ఆధారం, అంతే.

ఊడలు దిగే వేళ (కళ్యాణదుర్గం)
నేను రైతును. పన్నెండెకరాల్లో శెనక్కాయ వేస్తాను. మీ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను. నాకో అనుమానం. తేలిక నేల అంటున్నారు, మరి ఇసుక బరువు కదా? ఒక గంప ఇసుక నేల మట్టి ఎత్తండి, ఒక గంప ఎండిన నల్లరేగడి పొడిమట్టి ఎత్తండి. ఇసుకదే బరువుంటుంది. అట్లాంటప్పుడు తేలిక నేల అంటే మాకేం అర్థం కావాలి? మా పక్క మేం ఎర్ర ఇసుక నేల అంటాం, గులకరాళ్లుంటే గరుసు నేల అంటాం.

ఇంకొకటి. "లేత ఎరుపు" అని అచ్చేసుంటే ఏమయ్యేదో చెబుతాను. మా ఊరి పడమర పక్క సుద్ద భూములున్నాయి. పైకి చూస్తే ఎరుపు తెల్లబారి లేతగానే కనపడతాయి. కరపత్రం చదివినోడు "ఇదే కదా లేత ఎరుపు" అనుకుని అక్కడే వేస్తాడు. ఆ నేలలో శెనక్కాయ ఆకు పాలిపోతుంది, చెట్టు ఎదగదు. నేను ఒక ఏడు వేసి చూశాను, తెలుసు.

నేలతల్లి బిడ్డ (అనంతపురం)
వ్యవసాయ డిగ్రీ చేసి ఊళ్లల్లో తిరిగే ఉద్యోగం చేస్తున్నాను. అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కొలిచి తూచితే ఇసుక నేలే బంకమట్టి కన్నా బరువు. ఇంగ్లీషులో లైట్ సాయిల్ అన్నది తూకం గురించి కాదు, దున్నడం గురించి. నాగలి తేలిగ్గా దిగుతుంది, ఎద్దులు సులువుగా లాగుతాయి. బంకమట్టి ఎద్దులకు బరువు, అందుకే అది హెవీ. నిఘంటువులోని "బరువులేని" ఇక్కడ అక్షరాలా పనికిరాదు.

వేరుశనగకు ఆ నేల ఎందుకంటే పూత తర్వాత ఊడలు భూమిలోకి దిగాలి, కాయ లోపలే ఊరాలి. మట్టి వదులుగా ఉంటేనే ఊడ దిగుతుంది, పీకేటప్పుడు కాయ తెగి మట్టిలో ఉండిపోదు. నీళ్లు నిలవవు కాబట్టి తడులు దగ్గర దగ్గరగా ఇవ్వాలి. ఐదో పేజీలో హెవీ సాయిల్స్‌కు ఎడం ఎక్కువ ఉండొచ్చని రాసింది కూడా అందుకే.

సుద్ద నేలల్లో ఆకు పాలిపోవడం ఇనుము లోపం. సున్నం ఎక్కువుండడం వల్ల మొక్క ఇనుమును తీసుకోలేదు. "లేత ఎరుపు" అని పంచి ఉంటే మనమే రైతును ఆ నేలకు పంపినవాళ్లం అయ్యేవాళ్లం.

బ్రౌన్ బంగ్లా దారి (కడప)
ఇద్దరూ నా మాట సరిదిద్దారు, సంతోషం. నేను బరువు ఇంటి మాట అని ఆగిపోయాను. ఆ ఇంట్లోనూ గదులు వేరని ఊడలు దిగే వేళ గారు గంపెత్తి చూపించారు.

ఇక్కడ తెలుగు మనకు సాయపడింది. తేలిక అన్న మాటలో బరువులేకపోవడమూ ఉంది, సులువూ ఉంది. "తేలికైన లెక్క" అంటే తూకం గురించి ఎవరూ అనుకోరు. కాబట్టి తేలిక నేల అన్న మాట నిలుస్తుంది. "బరువులేని నేల" అని రాస్తే నిలవదు. ఒకే గదిలో కామాతో పక్కపక్కన ఉన్న రెండు మాటల్లో ఒకటి సరై, ఇంకొకటి తప్పు కావడం ఇలాగే జరుగుతుంది.

మన పక్క ఇంకో మోసం ఉంది, గమనించారా? మన దగ్గర నల్లరేగడి రంగులో ముదురు, దున్నడానికి బరువు. ఎర్ర నేల రంగులో దానికన్నా తేట, దున్నడానికి తేలిక. రంగు జంట, బరువు జంట ఒకే నేలల మీద పడ్డాయి. అందుకే అమ్మాయి మొదట రాసింది చదివితే తప్పని అనిపించలేదు. సుద్ద నేల వచ్చినప్పుడే రెండు అర్థాలు విడిపోయాయి. అనుమానం వచ్చినప్పుడు రెండు అర్థాలకూ వేర్వేరు జవాబు వచ్చే ఇలాంటి ఉదాహరణ ఒకటి వెతకాలి. రెండింటికీ సరిపోయే ఉదాహరణ ఎన్నిసార్లు చూసినా తేలదు.

పదాలమూట (అనంతపురం)
ఇంత లోతు ఉందనుకోలేదు. అన్నకు, మేడమ్‌కు చాలా థాంక్స్. మరి లైట్ ఇరిగేషన్? ఇక్కడ కూడా వ్యతిరేకం హెవీ ఇరిగేషనే. "తేలిక తడి" అనొచ్చా?

ఊడలు దిగే వేళ (కళ్యాణదుర్గం)
పీకే ముందు నేల గట్టిగా ఉంటే పలచగా ఒక తడి ఇస్తాం. "పలచగా తడి" అంటే ఏ రైతుకైనా తెలుస్తుంది. ఆ లిఫ్టింగ్‌ను "ఎత్తడం" అని రాయొద్దు తల్లీ, చెట్లు పీకడం అని రాయి.

నేలతల్లి బిడ్డ (అనంతపురం)
మా శాఖ పుస్తకాల్లో "తేలికపాటి తడి" అనే ఉంటుంది. రెండూ సరే. లైట్ ట్రాప్స్‌కు "దీపపు ఎరలు" అని రాయండి. ఎర్ర గొంగళి పురుగు రెక్కల పురుగులు తొలకరి వానలకు బయటికొచ్చినప్పుడు దీపం దగ్గర చేరతాయి, అందుకోసం పెట్టేవి అవి.

బ్రౌన్ బంగ్లా దారి (కడప)
అమ్మా, హెవీ అన్న వ్యతిరేకం ఇల్లు చూపిస్తుంది, గది చూపించదు. గది చూపించేది పక్కనున్న నామవాచకం. లైట్ రెయిన్ అయితే చినుకులు, లైట్ స్లీప్ అయితే కలత నిద్ర, లైట్ మీల్ అయితే తేలిక భోజనం. అన్నిటికీ వ్యతిరేకం హెవీయే, తెలుగు మాట మాత్రం ప్రతిసారీ మారింది. పెద్ద నిఘంటువుల్లో ఎంట్రీ చివర ఇలాంటి జంటపదాలు ఇస్తారు. నేను ఎంట్రీని కింది నుంచి పైకి చదువుతాను. జంటపదం దొరికితే పైనున్న అర్థాలతో పనే ఉండదు. లైట్ ట్రాప్ అలాంటిదే. అక్కడ లైట్ నామవాచకమే, ట్రాప్‌తో కలిసి ఒక వస్తువు పేరైంది. నువ్వు ముందే సరిగ్గా పట్టుకున్నావు.

పరీక్షల బాట (ప్రొద్దుటూరు)
అందరికీ నమస్తే. బ్యాంక్ పరీక్షకు ప్రిపేర్ అవుతున్నాను. బ్యాంక్ మాటకు మంచి డిక్షనరీ యాప్ ఏదో ఈ థ్రెడ్‌లో చెబుతారని వచ్చాను. రీడింగ్ పాసేజ్‌లో "ఫార్మర్స్ బ్యాంక్ ఆన్ ది మాన్సూన్" అని వస్తే రైతులు వానాకాలంలో బ్యాంకుకు వెళ్తారని పెట్టాను, తప్పయింది.

రేణిగుంట రోడ్డు (కడప)
ఈ థ్రెడ్ పరీక్షల యాప్ గురించి కాదు తమ్ముడూ, కానీ నీ ప్రశ్నకు జవాబుంది. అక్కడ బ్యాంక్ క్రియ. పైగా వెనక ఆన్ ఉంది. నిఘంటువులో క్రియల కింద "బ్యాంక్ ఆన్" అని విడిగా ఇస్తారు, నమ్ముకొను అని. రైతులు వానలను నమ్ముకుంటారు అని అర్థం. క్రియ వెనక ఆన్, అప్, అవుట్ లాంటివి ఉంటే ఆ రెండు మాటలు కలిపే వెతుకు.

బ్రౌన్ బంగ్లా దారి (కడప)
ఇది బాగా చెప్పారు. నేనూ ఇంతకన్నా చెప్పను.

కేసీ కాలువ గారూ, మీకు జవాబు బాకీ ఉన్నాను. నది అయినా కాలువ అయినా ఎడమ, కుడి అన్నవి నీళ్లు పారే వైపు ముఖం పెట్టి నిలబడి చెప్పాలి. ఇంటి నుంచో పొలం నుంచో చూసి కాదు. తుంగభద్ర మీ ఊరి దగ్గర తూర్పుకు పారుతుంది, కర్నూలు దక్షిణాన ఉంది. కాబట్టి కర్నూలు కుడి ఒడ్డున ఉన్నట్టు. మీ కాలువ మీ పొలం దగ్గర ఎటు పారుతోందో అటు తిరిగి నిలబడి చూడండి. ఎడమ అన్నది అనువాదకుడి తప్పు కాకపోవచ్చు.

ఇక మాట సంగతి. ఇంగ్లీషులో బ్యాంక్ ఒక్కటే. మనకు మాత్రం నదికి ఒడ్డు, కాలువకు గట్టు, చెరువుకు కట్ట. నిఘంటువులో "ఒడ్డు, గట్టు, తీరం, కట్ట" అని కామాలతో వరసగా వేస్తారు. ఎప్పుడు ఏది అన్నది అందులో ఉండదు, మన చెవికే తెలియాలి. నేనైతే కాలువ గట్టు అనే రాస్తాను.

కేసీ కాలువ (కర్నూలు)
నీళ్లు పారే వైపు తిరిగి నిలబడి చూశాను సార్. మా పొలం ఎడమ వైపే ఉంది. కాగితం సరిగ్గానే ఉంది, తప్పు చదివింది మేమే. కానీ గట్టు సంగతి ఒప్పుకోలేకపోతున్నాను. మా పక్క పొలాల మధ్య ఉండే సన్నటి దాన్ని గట్టు అంటాం. కాలువ పక్కన బండి పోయేంత వెడల్పుగా ఎత్తు పోసినదాన్ని కాలువ కట్ట అంటాం. హద్దుల్లో గట్టు అని రాస్తే పక్క పొలం గట్టు అనుకునే ప్రమాదం ఉంది.

బ్రౌన్ బంగ్లా దారి (కడప)
కడప పక్క మేం గట్టు అంటాం. మీ ఊరి కాగితానికి మీ ఊరి మాటే ఉండాలి, కట్ట అనే రాయించండి. ఈ రెండింట్లో ఏది సరైందో నేను తీర్పు చెప్పలేను.

పదాలమూట (అనంతపురం)
చివరి వాక్యం ఒక్కటి మిగిలింది. "యంగ్ లీవ్స్ టర్న్ లైట్ గ్రీన్, దెన్ యెల్లో." ఇక్కడ ఖాయంగా రంగే కాబట్టి "లేత ఆకులు లేత పచ్చగా మారి తర్వాత పచ్చబడతాయి" అని రాశాను. సరేనా?

నేలతల్లి బిడ్డ (అనంతపురం)
అయ్యో, ఇది అచ్చుకు పంపొద్దు. దీని మీదే మందు ఆధారపడుతుంది. ఇనుము లోపమైతే ముందు చిగురాకులు పాలిపోతాయి. దానికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తాం. నత్రజని లోపమైతే ముందు అడుగునున్న ముదురు ఆకులు పాలిపోతాయి. మీ వాక్యంలో ఏది వయసు, ఏది రంగు అన్నది తెలియడం లేదు.

బ్రౌన్ బంగ్లా దారి (కడప)
ఇంగ్లీష్ వైపు నువ్వు సరైన అర్థమే ఎంచుకున్నావు తల్లీ. చిక్కు ఇటువైపు వచ్చింది. మన లేతకు కూడా రెండర్థాలున్నాయి, ముదరనిది ఒకటి, రంగు తక్కువది ఒకటి. ఆకు పక్కన లేత అంటే వినేవాళ్లకు మొదట తట్టేది చిగురే. పచ్చ ఇంకా కష్టం. పచ్చని చేను అంటే ఆకుపచ్చ, పచ్చ కామెర్లు అంటే పసుపు. నువ్వు రాసిన "పచ్చబడతాయి" చదివి చేను బాగుపడుతుందని అనుకునేవాళ్లూ ఉంటారు.

ఎంచుకున్న తెలుగు మాటను వెనక్కి తిప్పి తెలుగు-ఇంగ్లీష్ నిఘంటువులో చూడడం అందుకే. బ్రౌన్ 1852లో వేసిన తెలుగు-ఇంగ్లీష్ నిఘంటువు నా బల్ల మీద ఎప్పుడూ ఉండేది ఈ పనికోసమే. వెనక్కి వెళ్తే మనం బయలుదేరిన ఇంగ్లీష్ మాటకే చేరాలి. ఇంకో నాలుగు మాటలకు దారి చూపిస్తే ఆ వాక్యంలో అవి కూడా సరిపోతాయేమో చూసి, సరిపోతే మాట మార్చాలి.

పదాలమూట (అనంతపురం)
మార్చాను. ఒకసారి చూడండి:

"తేలిక ఎర్ర నేలల్లో వేరుశనగ బాగా పండుతుంది. చెట్లు పీకే ముందు పలచగా ఒక తడి ఇవ్వాలి. దీపపు ఎరలు పెట్టాలి. ముందుగా చిగురాకులు పాలిపోయి, తర్వాత పసుపు రంగుకు తిరుగుతాయి."

నేలతల్లి బిడ్డ (అనంతపురం)
చివరి వాక్యం ఇప్పుడు ఖచ్చితంగా ఉంది.

ఊడలు దిగే వేళ (కళ్యాణదుర్గం)
అన్నీ బాగున్నాయి. తేలిక ఎర్ర నేల మాత్రం నాకింకా పుస్తకం మాటలాగే ఉంది. ఎర్ర ఇసుక నేల అని రాయమ్మా.

నేలతల్లి బిడ్డ (అనంతపురం)
అన్నా, ఇసుక నేల అని రాస్తే గరుసు నేల వాళ్లు తమది కాదనుకుంటారు. వాళ్లకూ వేరుశనగ పండుతుంది. తేలిక అంటే రెండూ వస్తాయి.

పదాలమూట (అనంతపురం)
మొదటిసారి వచ్చినచోట "తేలిక ఎర్ర నేలల్లో, అంటే నాగలి సులువుగా దిగే ఇసుక, గరుసు నేలల్లో" అని రాస్తే? సోమవారం ఊళ్లో నలుగురికి చదివి వినిపించి, వాళ్లకు ఏ పొలం గుర్తుకొచ్చిందో అడిగి వచ్చి ఇక్కడ రాస్తాను.

ఊడలు దిగే వేళ (కళ్యాణదుర్గం)
మా ఊరికి రా తల్లీ. సుద్ద భూమి ఉన్నోళ్లను కూడా పిలుస్తాను, వాళ్లేమంటారో వినాలి.